నా దరఖాస్తులో చాచా

ఆ ఉత్తరం రాసినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. తిట్టుకుంటూనే, బాగా రాశానని లోపల ఓ మూల మురుస్తాను కూడా. ఆ మురిపెం గుర్తొస్తేనే నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

తొంభైల నడుమ సంగతి. బీకాం పాసై ఇంట్లో కూర్చున్నాను. మాది చిట్యాల రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. నల్గొండ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ ఒకటే ఇంగ్లీషు దరఖాస్తు నేర్పేవారు. మీ ప్రకటన చూశాను, అర్హతలివి, దయతో పరిశీలించగలరు, అంతే. పేరు మార్చి, తేదీ మార్చి పదకొండు చోట్లకు పంపాను. ఒక్కరంటే ఒక్కరు జవాబియ్యలేదు. మా నాయిన ఏమీ అనలేదు గానీ, ఓ రోజు పొద్దున గొర్లను తోలుకుపోతూ, "మిరుగం కార్తె దాకా చూడు. అటెనక చెల్కల పని మస్తుంటది, నువ్వు గూడ రావాలె," అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. చెల్క చేలో పని తక్కువని కాదు గానీ, చదివిన చదువంతా మట్టిలో కలుస్తుందని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే జిల్లా పేపర్లో చిన్న ప్రకటన పడింది. నల్గొండలో కొత్తగా పెట్టిన యాడ్ ఏజెన్సీకి జూనియర్ మీడియా ఎగ్జిక్యూటివ్ కావాలట. పత్రికల్లో, సినిమా హాళ్ళ స్లైడుల్లో, గోడల మీద క్లయింట్ల కోసం డబ్బిచ్చి జాగా కొనే పని. కింద ఒక షరతు ఉంది. "దరఖాస్తుతో పాటు, ఈ పని మీకే ఎందుకివ్వాలో సొంత మాటల్లో ఉత్తరం రాయాలి. టైపు ఇన్‌స్టిట్యూట్ ఉత్తరాలు పంపొద్దు."

సొంత మాటలంటే నాకు చాచా తప్ప ఏం తోచలేదు.

చాచా అని నేను పిలిచేది మా ఊరి దర్జీ సాయబును. ఊరి మొదట్లో, బస్సు ఆగే చోట ఆయన దుకాణం. పొద్దటి బస్సుకు పేపరు వచ్చేది, ఊరందరికీ ఆ ఒక్కటే. పగలంతా జాకెట్లు, లాగులు కుట్టుకుని, పొద్దు వంగాక అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. చెల్కల నుంచి వచ్చినవాళ్ళు, గొర్లను దొడ్డికి తోలి వచ్చినవాళ్ళు, బీడీలు చుట్టుకుంటున్న అమ్మలు, అంతా చుట్టూ చేరేవారు. నాకు పేపరు చదవడం నేర్పింది ఆయనే. బడిలో నేర్పింది అక్షరాలు మాత్రమే. ఏ వార్త ముందు చూడాలో, ఏది అబద్ధమో, మంత్రి మాటలో ఎంత తీసేయాలో చాచా అరుగు మీదే తెలిసింది.

చాచాకు ఒక నియమం ఉండేది. చుట్టూ గీత కొట్టిన డబ్బా కనిపిస్తే చదివేవాడు కాదు. ఎవరైనా "గదేందో సదువు సాయబూ," అంటే, "అది పైసల మాట. పైసలిచ్చి ఏపిచ్చుకున్నది నా నోటెంట రాదు," అని పేజీ తిప్పేసేవాడు. ఊరికి కూడా అది అలవాటైపోయింది. చాచా నోటివెంట వచ్చిందంటే ఖబరు, రానిదంటే బేరం. అంత నమ్మకం మా ఊళ్ళో ఇంకెవరి మాటకూ లేదు, సర్పంచు మాటకు అసలే లేదు.

ఇదంతా ఉత్తరంలో రాశాను. ఎంత బాగా రాశానంటే, ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను.

"మా ఊరికి వచ్చేది ఒకటే పేపరు, కానీ వినేవాళ్ళు నలభై మంది. అమ్ముడైన కాపీలను బట్టి మా ఊళ్ళో ఒకరే చదువుతారనుకుంటే పొరపాటు. అయితే చదివి వినిపించే పెద్దమనిషి ప్రకటనలు చదవడు. గీతల డబ్బా చూస్తే పేజీ తిప్పేస్తాడు. అంటే మీ క్లయింటు కొన్న జాగా మా ఊళ్ళో ఎవరి చెవినా పడటం లేదు. అదే సంగతి గీత లేకుండా, వార్తల అక్షరాల్లో, వార్తల పక్కన ఉంటే నలభై మందీ వింటారు. పల్లెల్లో జాగా కొనేముందు ఆ పేపరు ఎవరి చేతిలోకి పోతుందో చూడాలి. నేను చూసి చెప్పగలను."

పోస్టు డబ్బాలో వేసి వస్తూ బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఈసారి జవాబు రాక చస్తుందా అనుకున్నాను.

నాలుగో రోజే వచ్చింది, వచ్చి కలవమని. ఆఫీసు ఓ ప్రింటింగ్ ప్రెస్సు పైన, రెండు గదులు. నడిపే సారు ఇదివరకు ఓ పేపరు ప్రకటనల విభాగంలో చేసి బయటికొచ్చిన మనిషి. నెమ్మదస్తుడు, గట్టిగా ఒక మాట అనగా నేను వినలేదు. టేబుల్ మీద దరఖాస్తులు కట్టగా ఉన్నాయి, నాది మాత్రం విడిగా ఉంది. నా చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. ఉత్తరంలో ఒక చోట వేలు పెట్టి అడిగాడు.

"గీ పెద్దమనిషికి ఇది ప్రకటనని ఎట్ల ఎరుకైతది?"

"సుట్టు గీతుంటది సార్. అక్షరాలు లావుగుంటయి. పైన 'ప్రకటన' అని ఉంటది."

"అవేవీ లేకుంటే?"

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఉద్యోగం చేతికందేంత దగ్గర్లో కనిపిస్తుంటే ఎవరాగుతారు? "లేకుంటే ఖబరే అనుకుంటడు సార్, సదువుతడు," అన్నాను.

"పక్కానా?"

"పక్కా సార్."

సారు తల ఊపాడు. నా ఉత్తరాన్ని దరఖాస్తుల కట్టలో పెట్టలేదు. సొరుగు లాగి, ఏదో కంపెనీ పేరున్న ఫైల్లో పెట్టి మూశాడు. అదెందుకు అందులో పెట్టాడో అడుగుదామనుకున్నాను. మరుక్షణమే, "సోమవారం నుంచి రా. మూడు నెలలు చూస్త," అన్నాడు. ఇక అడగాలనుకున్న సంగతి నాకేం గుర్తుంటుంది?

పని తొందరగానే పట్టుబడింది. ఏ పేపర్లో కాలమ్ సెంటీమీటరుకు ఎంతో రేట్ల కార్డు చూడటం, క్లయింటుకు సరిపడే సైజు చెప్పడం, రిలీజ్ ఆర్డర్ రాయడం. ఏ తేదీన, ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లు, ఎంత ఎత్తు, అన్నీ అందులోనే ఉండాలి. అచ్చుకు సిద్ధమైన ప్రకటన ఫోటో ప్రతిని, బ్రోమైడ్‌ను, అట్టల మధ్య పెట్టి కవరు అంటించి హైదరాబాదు బస్సులో పంపడం. పడ్డ రోజు పేపరు వస్తే స్కేలు పెట్టి కొలిచి, కొన్నంత జాగా వచ్చిందో లేదో చూడటం. మా నాయిన ఊళ్ళో, "మా బిడ్డ పేపర్ను స్కేలు పెట్టి కొలుస్తది," అని చెప్పుకుంటుంటే అంతా నవ్వేవారు. చాచా మాత్రం, "మంచిదే. నేను ఇడిసిపెట్టినయన్నీ నువ్వు కొలుస్తున్నవన్నట్టు," అని ఎగతాళి చేసేవాడు.

మిరుగానికి ఇంకో పది రోజులుండగా సారు నా ఉత్తరమున్న ఆ ఫైలు బయటికి తీశాడు. అది పత్తి విత్తనాల కంపెనీది, పేరు కొత్తది. కంపెనీ మనిషి అప్పటికి రెండుసార్లు ఆఫీసుకొచ్చాడు. నల్గొండలోనే ఓ లాడ్జిలో దిగాడు, చిరునామా అడిగితే ఆ లాడ్జి పేరే చెప్పాడు. విత్తనాల సంచి మీది బొమ్మ కూడా ఇచ్చాడు. నేను దాన్ని కవర్లో పెడుతుంటే, పేరున్న చోట కాగితం మందంగా తగిలింది. ఒక పేరు మీద ఇంకో పేరు అంటించారు. వెలుతురుకెత్తి చూస్తే కింద పాత పేరు కనబడింది. అదే బొమ్మ, అదే పత్తికాయ, పేరొకటే వేరు.

సారుకు చూపించాను. చూశాడు. కాగితాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, "విత్తనం సంగతి వాళ్ళది. జాగా సంగతి మనది," అన్నాడు.

ఆ రిలీజ్ ఆర్డర్ నా చేతే రాయించాడు. జిల్లా పేజీ, రెండు కాలమ్‌లు, ఇరవై అయిదు సెంటీమీటర్లు. చుట్టూ గీత వద్దు. వార్తల అక్షరాలే వాడాలి. శీర్షిక సారే చెప్పాడు: "వాన ఆలస్యమైనా మొలిచే పత్తి: రైతుల్లో ఆసక్తి." పేపరువాళ్ళకు ఫోన్ చేస్తే, 'ప్రకటన' అన్న మాట లేకుండా వేయలేమన్నారు. సారు ఏమాత్రం కంగారు పడలేదు. "పెట్టుండ్రి. కాకపోతే పైన కాదు, అడుగున. చిన్నక్షరాలల్ల," అన్నాడు. నా వైపు తిరిగి, "గది గూడ రాయి," అన్నాడు. రాశాను. నా ఉత్తరంలోని మాటలే రిలీజ్ ఆర్డర్లో వరుసగా దిగాయి. కవరు బస్సులో పెట్టాను. డ్రైవరు హారన్ కొట్టి కదిలించేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ కవరు వెనక్కి తీసుకోవచ్చు. ఆ మాట మనసులోకి వచ్చింది. తీసుకోలేదు.

అది ఆదివారం పడింది. సెలవు కాబట్టి ఊళ్ళోనే ఉన్నాను. పొద్దున్నే పోయి చాచాకు చెప్పొచ్చు. ఆయన దుకాణం ముందు నుంచి రెండుసార్లు పోయాను కూడా. ఒకసారి చాచానే, "ఏం బిడ్డా, ఇయ్యాల కొలుసుడు లేదా?" అని పలకరించాడు. "లేదు చాచా," అని నవ్వి వచ్చేశాను. ఎందుకు చెప్పలేదంటే కారణాలు బోలెడు చెప్పుకున్నాను. మూడు నెలలు నిండలేదు. క్లయింటు సంగతి గడప దాటనీయొద్దని సారు మొదటి రోజే చెప్పాడు. విత్తనం మంచిదే కావచ్చు, పేరు మార్చుకున్నంత మాత్రాన చెడ్డదవ్వాలా? ఇవన్నీ ఒకెత్తు. నిజం ఇంకోటి ఉంది. నేను రాసింది పనిచేస్తుందో లేదో చూడాలనిపించింది. సిగ్గులేని మాటే, కానీ నిజం.

పొద్దు వంగింది. నేనూ పోయి మూలకు కూర్చున్నాను. మా నాయిన అందరికంటే ముందు వరసలో ఉన్నాడు. చాచా మొదటి పేజీ అయిపోగొట్టి జిల్లా పేజీ తెరిచాడు. ఓ డబ్బా కనిపిస్తే ఎప్పటిలాగే వదిలేశాడు. చూపుడు వేలు కాలమ్ మీద జారుతూ వచ్చింది. వదిలెయ్ చాచా, వదిలెయ్ అని లోపల మొక్కుకున్నాను. వేలు శీర్షిక మీద ఆగింది.

"వాన ఆలస్యమైనా మొలిచే పత్తి," అని చదివాడు.

బీడీల ఆకులు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది.

చాచా గొంతు సవరించుకుని, రైతుల ఖబరు కాబట్టి ఇంకాస్త గట్టిగా, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అడుగున కాలమ్ గీతకు ఆనుకుని ఉన్న ఆ చిన్న మాట దగ్గరికి రాకముందే, పక్క వార్తకు పోయాడు. మా నాయిన, "మల్లొకసారి సదువు సాయబూ, కంపెనీ పేరేంది?" అన్నాడు. చాచా మళ్ళీ చదివాడు. ఎవరో "నిజమేనా?" అంటే, "పేపర్ల ఖబరచ్చింది, నేను ఊకెనే సదువుతనా?" అన్నాడు. నేను రాసిందంతా అక్షరం పొల్లుపోకుండా జరిగింది.

ఇంటికి పోయాక మా నాయిన సంచి కొంటానన్నాడు. "వద్దు నాయినా, మన పాత విత్తనమే పెట్టు," అన్నాను.

"ఎందుకే?"

"ఊకెనే. కొత్తది గదా, ఒక ఏడు చూద్దాం."

"అబ్బో, ఆఫీసుకు పోయేటాళ్ళు ఎవుసం నేర్పుతున్నరు," అని నవ్వాడు గానీ, నా మాట విన్నాడు. ఒక్క మా ఇంటికే చెప్పాను. పక్కిల్లు కూడా దాటలేదు ఆ మాట.

వారం తిరక్కుండా చిట్యాల దుకాణాల్లో ఆ సంచులు అయిపోయాయట. సారు నన్ను పిలిచి, "మూడు నెలలు అక్కరలే, నీ నౌకరి పక్కా," అన్నాడు. సంతోషించాను. ఆ సంతోషం కూడా దాచను.

వాన సరిగ్గా వేళకే పడింది. ఊరంతా విత్తారు. అయిదో రోజు, ఆరో రోజు అందరూ పొద్దున్నే చెల్కల్లో వంగి చూస్తున్నారు. ఏడో రోజు మా సాళ్ళల్లో పచ్చగా మొలక లేచింది. పక్క చెల్కలో లేదు, దాని పక్కన లేదు. వేలితో మన్ను తవ్వితే గింజ మెత్తగా కుళ్ళి వాసన కొడుతోంది. తొమ్మిదో రోజుకూ అంతే. మళ్ళీ విత్తుదామంటే విత్తనం లేదు, ఉన్నా అదను దాటిపోతోంది. పచ్చగా ఉన్న చెల్క ఊరు మొత్తానికి మాదొక్కటే. దారిన పోయేవాళ్ళు ఆగి మా సాళ్ళను చూసి వెళ్ళేవారు. ఒకాయన మాత్రం మా ఇంటి ముందుకొచ్చి నాయినను అడిగేశాడు. "నీ బిడ్డ పేపరాఫీసుల జేస్తది. నీకు ముందే ఎరుకనా?" మా నాయిన బిత్తరపోయి నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను లోపలికి పోయాను.

కంపెనీ మనిషి లాడ్జి ఖాళీ చేసి పోయాడు. ఊరికి నిలదీయడానికి దొరికింది చాచా ఒక్కడే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అరుగు దగ్గరికి వచ్చి, "నువ్వు సదివినవు గద సాయబూ, గందుకే పెట్టినం," అని మాత్రం అనిపోయేవారు. అంతకంటే తిట్టడమే నయం.

ఓ పొద్దున బస్సు దగ్గర చాచా నా కోసం నిలబడి ఉన్నాడు. చంకలో మడిచిన పాత పేపరుంది. "బిడ్డా, నన్ను నల్గొండల కండ్ల దవాఖానకు తీస్కపోతవా? కండ్లు పోయినట్టున్నయి," అన్నాడు. బస్సులో ఆ పేపరు విప్పి, అడుగున ఉన్న ఆ మాట మీద వేలు పెట్టి చూపించాడు. "గిదేంది చూడు. 'ప్రకటన'. ఎంత చిన్నగున్నా ఉన్నది గద. యాభయేండ్ల సంది పేపరు సదువుతున్న, నా కండ్లకు ఆనకపోయె. ఊరి నోట్ల మన్ను కొట్టిన బిడ్డా." నేను కిటికీ వైపు తిరిగాను.

దవాఖానలో డాక్టరు చాలాసేపు చూశాడు. గోడ మీది అక్షరాలన్నీ చివరి వరస దాకా చదివించాడు. "కండ్లు మంచిగున్నయి. అద్దాలు గూడ మార్చే పని లేదు," అన్నాడు. వేరే ఎవరైనా సంబరపడేవారు. చాచా ముఖం నల్లబడింది. బయటి బెంచీ మీద కూర్చున్నాడు.

"కండ్లు మంచిగుంటే, మరెట్ల గనబడకపోయె?" అన్నాడు. నన్ను కాదు, తనను తానే అడుక్కుంటున్నాడు.

ఇక నా వల్ల కాలేదు. "నీ తప్పు గాదు చాచా," అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. "నీకు ఆనొద్దనే గట్ల పెట్టిన్రు. నువ్వు డబ్బాలు సదువవని నౌకరి దరఖాస్తుల నేనే రాసిన. గీత లేకుంట, వార్త లెక్క ఉంటే సదువుతడని రాసిన. ఆ ఆర్డరు గూడ నా చేతితోనే రాసిన."

చాచా నన్ను చూడలేదు. పేపరును మోకాళ్ళ మీద పెట్టుకుని, మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. దవాఖానలోకి వచ్చేపోయేవాళ్ళు మా కాళ్ళను దాటుకుని పోతున్నారు.

"మీ చెల్కల మొలిచింది గద," అన్నాడు చివరికి. "మీ నాయినకు జెప్పినవా, గది పెట్టొద్దని?"

"జెప్పిన చాచా."

ఎందుకు నాకు చెప్పలేదని అడుగుతాడనుకున్నాను. అడిగితే కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆయన అడగలేదు.

"మంచి పని జేసినవ్ బిడ్డా. నాయిన గద," అని, లేచి బస్టాండు వైపు నడిచాడు.